లక్ష దాటిన బిల్లు: సప్లయర్ చెల్లింపుల్లో టీడీఎస్, ఈఆర్‌పీలో దాని అమరిక (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. టీడీఎస్ అంటే డబ్బు ఇచ్చేవాళ్లే అందులోంచి పన్ను కోసి సర్కారుకు కట్టడం. దాని సెక్షన్లన్నీ ఒక్కొక్కటిగా చదువుకుంటూ పోతే ఈ పూట చాలదు, మీకూ ఏదీ గుర్తుండదు. అందుకే ఒక్క సెక్షన్, ఒక్క సప్లయర్, ఒక్క సంవత్సరం తీసుకుందాం. సెక్షన్ 194సీ, అంటే కాంట్రాక్టు పనులకు, జాబ్ వర్క్‌కు ఇచ్చే డబ్బు మీద కోత. సంవత్సరం 2025-26. సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్, 15వ వెర్షన్ తెరలు. మీ ఆఫీసులో వేరే సాఫ్ట్‌వేర్ ఉన్నా ఫరవాలేదు. పేర్లు మారతాయి గానీ చిక్కుముడులు ఇవే.

సప్లయర్ ఎవరంటే, బాలానగర్‌లో ఒక మెషిన్ షాపు అనుకుందాం. మీరు పంపిన పోతపోసిన ముక్కల్ని తరిణ పట్టి, రంధ్రాలు వేసి తిరిగి పంపుతారు. ఇద్దరు భాగస్వాముల ఫర్మ్. ఏడాదిలో వాళ్లు వేసిన మొదటి నాలుగు బిల్లులు, జీఎస్టీ కలపకుండా, ఇవి: ఏప్రిల్ 25న 28,000, జూన్ 10న 29,000, ఆగస్టు 5న 24,000, సెప్టెంబర్ 18న 27,000.

చట్టం ఏమంటుంది? ఒక్క బిల్లు 30,000 దాటితే కోయాలి. దాటకపోయినా, ఏడాది మొత్తం 1,00,000 దాటితే కోయాలి. రేటు వ్యక్తికి, హిందూ అవిభక్త కుటుంబానికి 1 శాతం, మిగతా అందరికీ 2 శాతం. మనది ఫర్మ్ కాబట్టి 2 శాతం.

ఇప్పుడు బిల్లులు చూడండి. ఏదీ 30,000 దాటలేదు. ఏప్రిల్‌లో 28,000, జూన్‌కి 57,000, ఆగస్టుకి 81,000. ఈ మూడింటికీ కోత లేకుండా డబ్బు వెళ్లిపోయింది, అది సరైనదే. సెప్టెంబర్ బిల్లుతో మొత్తం 1,08,000 అయింది. కోత ఎంత? చాలామంది 27,000 మీద 540 అంటారు. కొందరు లక్ష దాటిన 8,000 మీద 160 అంటారు. రెండూ తప్పే. 194సీలో గీత దాటితే ఆ ఏడాది మొత్తం లెక్కలోకి వస్తుంది. 1,08,000 మీద 2 శాతం, 2,160. ఇదంతా సెప్టెంబర్ బిల్లులోనే పడాలి.

అంటే పరిమితి అనేది బిల్లును పరీక్షించే జల్లెడ కాదు, సప్లయర్ పేరిట ఏడాది పొడవునా నడిచే పద్దు. ఈఆర్‌పీలో టీడీఎస్ అమర్చడమంటే ఈ పద్దు ఎక్కడ మొదలవుతుందో, ఎవరెవరి బిల్లులు అందులో పడతాయో, ఎక్కడ తెగిపోతుందో చూసుకోవడం. రేటు టైపు చేయడం అరనిమిషం పని.

సరే, తెర మీదికి వెళదాం. `Tax Withholding Category` తెరవండి. కొత్త కేటగిరీకి పేరు పెట్టమంటుంది. ఇండియా అమరికతో వచ్చే కేటగిరీలు సెక్షన్ నంబరుతోనే ఉంటాయి. నేనైతే పని పేరు కూడా పెట్టమంటాను, 'కాంట్రాక్టు - వ్యక్తి', 'కాంట్రాక్టు - ఇతరులు' అని. ఎందుకంటే 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేది 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం, అందులో ఈ కోతలన్నీ సెక్షన్ 393 కింద పట్టికల్లోకి చేరాయి. 194సీ అనే నంబరు పాత సంవత్సరాలకే మిగులుతుంది. పని మాత్రం అదే పని.

కింద రేట్ల పట్టికలో ఒక వరుస ఉంటుంది. మన ఫర్మ్‌కు అది ఇలా ఉండాలి:

```
From Date                          01-04-2025
To Date                            31-03-2026
Tax Withholding Rate               2
Single Transaction Threshold       30000
Cumulative Transaction Threshold   100000
```

ముందే తయారుగా వచ్చిన కేటగిరీలను నమ్మి వదిలేయకండి. 2025 ఏప్రిల్ 1న చాలా పరిమితులు మారాయి. ఉదాహరణకు వృత్తి ఫీజులకు 30,000 ఉన్నది 50,000 అయింది. అద్దెకు ఏడాదికి 2,40,000 ఉన్నది నెలకు 50,000 అయింది. 194సీ మాత్రం మారలేదు. మీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న అంకె ఏ సంవత్సరానిదో ఒక్కో వరుసా తెరిచి చూసుకోవాలి.

ఆ తేదీల గురించి కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు పుట్టేది అక్కడే. `From Date`, `To Date` చూస్తే ఈ రేటు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నట్టు కనిపిస్తాయి. నిజమే, కానీ వాటికి ఇంకో పని కూడా ఉంది. మొత్తం లక్ష దాటిందా అని కూడేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ రెండు తేదీల మధ్య ఉన్న బిల్లులనే కూడుతుంది. అంటే పద్దు మొదలయ్యేదీ, ముగిసేదీ ఆ వరుసతోనే.

ఏడాది మధ్యలో రేటు మారితే ఏమవుతుందో ఊహించండి. 2024 అక్టోబర్ 1న కమీషన్ మీద కోత, సెక్షన్ 194హెచ్, 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది. అప్పటి పరిమితి ఏడాదికి 15,000. సహజంగా ఎవరైనా ఏం చేస్తారు? పాత వరుసను సెప్టెంబర్ 30తో ముగించి, అక్టోబర్ 1 నుంచి 2 శాతంతో కొత్త వరుస వేస్తారు. రేటు సరిగ్గానే మారుతుంది. కానీ పద్దు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. జూలైలోనే 15,000 దాటిన ఏజెంటుకు అక్టోబర్‌లో 9,000 బిల్లు వస్తే, సాఫ్ట్‌వేర్ దృష్టిలో అతను ఇంకా పరిమితి లోపలే ఉన్నాడు. కోత పడదు. ఎర్రగీత ఏదీ రాదు, హెచ్చరికా రాదు. ఇలాంటప్పుడు అప్పటికే పరిమితి దాటిన వాళ్ల జాబితా తీసి, వాళ్లకు పరిమితి 1 రూపాయిగా ఉన్న వేరే కేటగిరీని ఆ మిగిలిన ఆర్నెల్లకు తగిలించడం ఒక దారి. అందం లేని దారే, కానీ కోత తప్పిపోదు.

ఇదే తెరలో చూసుకోవాల్సిన రెండు టిక్కులు ఉన్నాయి. `Only Deduct Tax On Excess Amount` అనేది ఒకటి. ఇది 194సీకి పెట్టకూడదు. పెడితే మన సెప్టెంబర్ బిల్లుకు ఇందాకటి 160 రూపాయలే వస్తుంది. ఇది సరుకుల కొనుగోలు మీద కోతకు, సెక్షన్ 194క్యూకి. అక్కడ 50 లక్షలు దాటిన భాగం మీదే 0.1 శాతం. ఒకే టిక్కు, రెండు సెక్షన్లలో పూర్తిగా వేరు ఫలితం.

రెండోది `Consider Entire Party Ledger Amount`. బిల్లు మీద టీడీఎస్ టిక్కు తీసేసినా ఆ బిల్లును మొత్తంలో కలపమని చెప్పేది ఇది. దీని అవసరం కాసేపట్లో చెబుతాను. చివర్లో కంపెనీ, దాని టీడీఎస్ పేయబుల్ ఖాతా ఇవ్వాలి. సెక్షన్‌కొక ఖాతా పెట్టుకుంటే నెలాఖరున చలానా కట్టేటప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు.

ఇప్పుడు సప్లయర్ మాస్టర్. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒక్క అక్షరం. పాన్‌లో పది అక్షరాలు, అంకెలు ఉంటాయి కదా, అందులో నాలుగోది మనిషా, సంస్థా చెబుతుంది. `P` అంటే వ్యక్తి, `H` అంటే హిందూ అవిభక్త కుటుంబం, `F` అంటే ఫర్మ్, `C` అంటే కంపెనీ. బోర్డు మీద 'ఇంజినీరింగ్ వర్క్స్', 'ఎంటర్‌ప్రైజెస్' అని ఉంటే చాలు, గుమాస్తా 2 శాతం కేటగిరీ తగిలిస్తాడు. సొంత వ్యాపారమైతే ఆ పాన్ యజమానిది, నాలుగో అక్షరం `P`, రేటు 1 శాతం. పేరు చూసి కేటగిరీ ఎంచవద్దు, పాన్ చూసి ఎంచండి. సప్లయర్ల జాబితాను ఎక్సెల్‌లోకి దించి, నాలుగో అక్షరం పక్కన కేటగిరీ పెట్టి ఒక్కసారి వడపోస్తే తప్పులన్నీ బయటపడతాయి. పాన్ `B2` గడిలో ఉంటే సూత్రం ఇది:

```
=MID(B2,4,1)
```

పాన్‌తో ఇంకో పని ఉంది. ఒకే ఫర్మ్‌కు హైదరాబాద్‌లో ఒక జీఎస్టీ నంబరు, విజయవాడలో ఒకటి ఉందనుకోండి. మీ దగ్గర ఇద్దరు సప్లయర్లుగా తెరిచి ఉంటారు. చట్టానికి మాత్రం వాళ్లు ఒక్కరే. సప్లయర్ మాస్టర్‌లో పాన్ గడి రెండు చోట్లా నింపి ఉంటే ఈఆర్‌పీనెక్స్ట్ ఆ పాన్ ఉన్న సప్లయర్లందరి బిల్లుల్నీ కలిపి చూస్తుంది. ఒక చోట ఖాళీగా వదిలేస్తే రెండు పద్దులు విడివిడిగా నడుస్తాయి. ఒక్కోటీ 70,000 దగ్గర ఆగి, రెండిట్లోనూ కోత పడకుండా ఏడాది ముగుస్తుంది. కలిపితే 1,40,000. ఆడిటర్ అడిగేది సరిగ్గా దీన్నే.

పాన్ ఇవ్వనివాళ్లకు రేటు 20 శాతం, సెక్షన్ 206ఏఏ. ఆధార్ లింకు కాక పనిచేయని స్థితిలో ఉన్న పాన్‌కూ మామూలుగా అంతే. వాళ్లకు వేరే కేటగిరీ ఉండాలి. తర్వాత పాన్ ఇచ్చారని కేటగిరీ మార్చారంటే, పాత కేటగిరీ కింద ఉన్న బిల్లులు కొత్త దాని మొత్తంలోకి రావు. ఆ ఒక్క సప్లయర్‌ని ఏడాది చివర దాకా చేత్తో చూసుకోవాలి.

ఇక బిల్లు. పర్చేజ్ ఇన్వాయిస్‌లో `Apply Tax Withholding Amount` టిక్కు ఉంటుంది. సప్లయర్‌కి కేటగిరీ ఉంటే అది తనంతటతానే పడుతుంది. సెప్టెంబర్ 18 బిల్లు, 27,000, దాని మీద అప్పటి 12 శాతం జీఎస్టీ 3,240, మొత్తం 30,240. జీఎస్టీ బిల్లులో విడిగా చూపించి ఉంటే దాని మీద టీడీఎస్ లేదు. ఇది ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017లో ఇచ్చిన 23వ నంబరు సర్క్యులర్. సేవ్ చేయగానే పన్నుల పట్టికలో తీసివేతగా 2,160 వరుస చేరుతుంది. సప్లయర్‌కి ఇవ్వాల్సింది 28,080.

ఇక్కడ రెండు గొడవలు వస్తాయి. ఒకటి, తెర మీద గ్రాండ్ టోటల్ 28,080 కనిపిస్తుంది, సప్లయర్ కాగితం మీద 30,240 ఉంటుంది. ఎంట్రీ వేసే అమ్మాయి 'టోటల్ కలవట్లేదు' అని ఆ వరుస తీసేస్తుంది. పన్నుల పట్టికలో వరుస తీసే అనుమతి అందరికీ ఇవ్వకపోవడం మంచిది. రెండోది సప్లయర్ ఫోను. '27,000 బిల్లుకి 2,160 ఏంటండీ, ఎనిమిది శాతమా?' అంటాడు. అతని లెక్కలో తప్పేమీ లేదు, మొదటి మూడు బిల్లులకు కలిపి పడిందని అతనికి ఎవరూ చెప్పలేదు. మొత్తం 80,000 దాటినవాళ్ల జాబితా నెలకోసారి తీసి ముందే ఒక మాట చెబితే ఈ ఫోన్లు రావు. గీత దాటించిన బిల్లు చిన్నదైతే, 1,500 రూపాయలదే అనుకోండి, కోత బిల్లుకంటే పెద్దదై సప్లయరే మీకు బాకీ పడతాడు. అందుకూ ముందుచూపు కావాలి.

ఇది తప్పిపోతే ఖర్చెంత? సెప్టెంబర్‌లో కోయాల్సిన 2,160 డిసెంబర్‌లో కోశారనుకోండి. నెలకు 1 శాతం వడ్డీ, నెలలో భాగమైనా నెలే. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్, నాలుగు నెలలు, 86 రూపాయలు. కోసి కూడా సర్కారుకు కట్టకపోతే నెలకు 1.5 శాతం. ఇవి చిన్నవే. అసలు దెబ్బ వేరే ఉంది. రిటర్న్ గడువులోగా కోత కోసి కట్టకపోతే ఖర్చులో 30 శాతం ఒప్పుకోరు. 1,08,000లో 32,400 మీ లాభంలో కలిసి పన్ను పడుతుంది.

అమరిక సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే టెస్ట్ కంపెనీలో ఐదు బిల్లులు వేయండి, ఇదే వరుసలో: 32,000, 10,000, 28,000, 29,000, 20,000. చట్టం ప్రకారం మొదటి బిల్లు 30,000 దాటింది కాబట్టి 640. తర్వాతి మూడింటికి కోత లేదు, మొత్తం 99,000 మాత్రమే. ఐదో బిల్లుతో 1,19,000. దాని మీద 2,380 రావాలి, 640 ఇదివరకే పోయింది, మిగిలింది 1,740.

ఈ పరీక్షలో ఎక్కువగా తేడా కొట్టేది రెండో బిల్లు. ఒకసారి కోత పడిందంటే పరిమితి దాటినట్టే అనే తర్కంతో నడిచే సాఫ్ట్‌వేర్ 10,000 మీద కూడా 200 కోస్తుంది. మీ దగ్గర అలా జరిగితే ఆ బిల్లుకు టిక్కు తీసేయాలి. కానీ టిక్కు తీసిన బిల్లు లక్ష లెక్కలోంచి కూడా జారిపోతుంది, ఐదో బిల్లు దగ్గర మొత్తం తక్కువ చూపిస్తుంది. ఇందాక పక్కన పెట్టిన `Consider Entire Party Ledger Amount` టిక్కు అవసరం ఇక్కడే. అది పెట్టాక కూడా ఐదో బిల్లు దగ్గర అంకె 1,740 వచ్చిందో లేదో కళ్లతో చూడండి. టిక్కు పరిమితి దాటిందా అని చూడటానికే, కోత మొత్తాన్ని మీరే సరిచూడాలి. ఆరో పరీక్ష కూడా ఒకటి చేయండి, వేరే సప్లయర్‌కి సరిగ్గా 30,000 బిల్లు. చట్టం 'దాటితే' అంటుంది, సరిగ్గా 30,000కు కోత లేదు. సాఫ్ట్‌వేర్ కోస్తే పరిమితిని 30000.01 అని రాయండి.

అడ్వాన్సు సంగతి త్వరగా చెబుతాను. బిల్లు పద్దులో వేయడం, డబ్బు ఇవ్వడం, ఈ రెండిట్లో ఏది ముందైతే అప్పుడే కోత. జూలైలో ఒక కొత్త ఫర్మ్‌కు 50,000 అడ్వాన్సు ఇస్తే పేమెంట్ ఎంట్రీలోనే టిక్కు పెట్టి 1,000 కోయాలి. తర్వాత బిల్లు వచ్చినప్పుడు ఆ అడ్వాన్సును బిల్లుకు జత చేయాలి. జత చేయకుండా బిల్లు వేస్తే అదే డబ్బు మీద రెండోసారి కోత పడుతుంది.

ఇక సర్టిఫికెట్. మన ఫర్మ్ ఆదాయం తక్కువ, 2 శాతం కోత తమ అసలు పన్నుకంటే ఎక్కువవుతోందని ఫారం 13 పెట్టుకుని సెక్షన్ 197 కింద తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంది. 2025 నవంబర్ 3 నుంచి 2026 మార్చి 31 దాకా, రేటు 0.5 శాతం, పరిమితి 3,00,000. సప్లయర్ పంపిన పీడీఎఫ్ చూసి ఎంట్రీ వేయకండి. ముందు ఆదాయపు పన్ను శాఖ వారి ట్రేసెస్ సైటులో సర్టిఫికెట్ నంబరు, పాన్ ఇచ్చి సరిచూడండి. మీ కంపెనీ టాన్, అంటే టీడీఎస్ కోసేవారికి ఇచ్చే నంబరు, అందులో ఉండాలి. పక్క కంపెనీ టాన్‌కి ఇచ్చిన సర్టిఫికెట్ మీకు పనికిరాదు, యజమానులు ఒకరే అయినా సరే.

తర్వాత `Lower Deduction Certificate` తెరిచి కేటగిరీ, ఆర్థిక సంవత్సరం, సప్లయర్, పాన్, సర్టిఫికెట్ నంబరు, చెల్లుబాటు తేదీలు, రేటు, పరిమితి నింపాలి. ఈ పరిమితి బిల్లుల మొత్తానికి, పన్నుకు కాదు. కేటగిరీ సప్లయర్‌కి తగిలించినదే అయి ఉండాలి, లేకపోతే సర్టిఫికెట్ ఉన్నట్టే ఉండి పని చేయదు.

నవంబర్ 20న 1,20,000 బిల్లు. 0.5 శాతం, 600. జనవరి 8న 1,40,000, కోత 700. ఇప్పటికి 2,60,000 వాడుకున్నారు, ఇంకా 40,000 ఉంది. ఫిబ్రవరి 12న 90,000 బిల్లు వచ్చింది. అందులో 40,000కి 0.5 శాతం 200, మిగిలిన 50,000కి మామూలు 2 శాతం 1,000. మొత్తం 1,200. బిల్లు మీద ఒకే వరుసగా 1,200 కనిపిస్తుంది.

(సభలోంచి ప్రశ్న: సెప్టెంబర్‌లో కోసిన 2,160 వెనక్కి ఇమ్మని సప్లయర్ అడుగుతున్నాడండీ, సర్టిఫికెట్ వచ్చింది కదా అని.)

ఇవ్వకూడదండీ. సర్టిఫికెట్ నవంబర్ 3 నుంచే చెల్లుతుంది. అంతకుముందు కోసినది సర్కారుకు కట్టేశారు, అది అతని పన్ను జమల పత్రం 26ఏఎస్‌లో కనిపిస్తుంది. రిటర్న్ వేసి వాపసు తీసుకోవాలి. చాలామంది ఈఆర్‌పీలో చెల్లుబాటు తేదీని వెనక్కి జరిపి పాత బిల్లు రద్దు చేసి మళ్లీ వేస్తారు, అది నేరుగా తక్కువ కోత నోటీసుకే దారి.

(మరో ప్రశ్న: ఫిబ్రవరి బిల్లును మూడు నెలలకోసారి వేసే టీడీఎస్ రిటర్న్ 26క్యూలో ఎలా చూపించాలి?)

అడగాల్సిన ప్రశ్న అడిగారు. ఈఆర్‌పీ నివేదికను యథాతథంగా ఎక్కిస్తే 90,000 మీద 1,200, అంటే 1.33 శాతం అని ఒకే వరుస వెళుతుంది. దానికి సర్టిఫికెట్ గుర్తు పెట్టారనుకోండి, రేటు 0.5 కాదు, మొత్తం పరిమితి దాటింది. పెట్టలేదనుకోండి, 2 శాతానికి తక్కువైంది. రెండు దారుల్లోనూ లెక్క పొసగదు. అందుకని రెండు వరుసలుగా విడగొట్టండి. 40,000, కోత 200, కారణం గడిలో `A`, పక్కన సర్టిఫికెట్ నంబరు. రెండో వరుస 50,000, కోత 1,000, గుర్తు ఏమీ లేకుండా. నవంబర్ బిల్లుకు మూడో త్రైమాసికంలో, జనవరి బిల్లుకు నాలుగో దాంట్లో అదే `A`. నాలుగో త్రైమాసికం 26క్యూ మే 31 లోగా. సర్టిఫికెట్ నంబరులో ఒక్క అక్షరం తప్పినా 0.5 శాతాన్ని ట్రేసెస్ ఒప్పుకోదు, 1.5 శాతం తక్కువ కోసినట్టు డిమాండు వస్తుంది. ట్రేసెస్‌లో సరిచూసినప్పుడే నంబరును అక్కడి నుంచి కాపీ చేసి ఈఆర్‌పీలో అతికించుకుంటే, 26క్యూకి కూడా అదే వెళుతుంది.